పౌడర్ వాసన తగిలితే మా మామ్మ సినిమాకి బయల్దేరుతుంది

నేను ఇంగ్లండ్‌లో ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తాను. పన్నెండు గంటల డ్యూటీ, ఎక్కువగా నైట్ షిఫ్టులే. మా హాల్లో అలమరాలో ఒక వాసనల పెట్టె ఉంటుంది. అందులో బిగుతు మూతల గాజు సీసాలు, ఒక్కో సీసాలో వాసన పట్టించిన దూది. లావెండర్ టాల్కమ్, కార్బాలిక్ సబ్బు, రోజ్ వాటర్, కాఫీ, పైపు పొగాకు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఒక సీసా మూత తీస్తాం. పాత మాట ఏదైనా వస్తే ఆ మాట వెంట పోతాం. ఇంగ్లిష్ ముసలమ్మలకి లావెండర్ పౌడర్ చూపిస్తే వాళ్లమ్మ అద్దం ముందు కూర్చున్న సంగతి నుంచి మొదలుపెడతారు. జమైకా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం అదే సీసాని మర్యాదగా వాసన చూసి మర్యాదగా తిరిగిచ్చేసింది. ఆవిడ చిన్నతనంలో ఆ వాసన లేదు, అంతే.

నెల్లిమర్లలో మా మామ్మకి ఎనభై దాటింది. ఆల్జైమర్స్ అని విజయనగరంలో డాక్టరు చెప్పి కొన్నేళ్లయింది. చూసుకునేది మా వదిన. నేను ఇక్కడ జీతం తీసుకుని చేసే పనిని అక్కడ మా వదిన జీతం లేకుండా చేస్తోంది, ఆ లెక్క నాకు ఎప్పుడూ సరిగా తేలదు. డబ్బు పంపుతాను. దానితోపాటు నాకొచ్చిన ఈ చిన్న పనితనం కూడా ఫోన్లో పంపిద్దామనుకున్నాను.

ముందు వదినకి చెప్పింది ఒక్కటే: "ఇదేం వాసనో చెప్పు మామ్మా" అని అడగొద్దు. ఎందుకంటే, ముక్కు నుంచి వచ్చే సంకేతం మెదడులో భావోద్వేగాలు, జ్ఞాపకాలు చూసే భాగాల దగ్గరికి దాదాపు నేరుగా వెళ్తుంది. చూపుకీ వినికిడికీ మధ్యలో ఇంకో మజిలీ ఉంటుంది. వాసన లేపే జ్ఞాపకాలు చాలావరకు పదేళ్లలోపు వయసువి అని మనస్తత్వ పరిశోధకులు గమనించారు. ఇదంతా మనకి అనుకూలమే. కానీ ఆల్జైమర్స్ మొదట్లోనే దెబ్బకొట్టే చోట్లు కూడా అవే. అందుకని వాసనకి పేరు చెప్పడం చాలా ముందే పోతుంది. పేరు అడిగితే పరీక్ష పెట్టినట్టవుతుంది, మామ్మ తప్పుతుంది, చిన్నబోతుంది. పేరు రాకపోయినా ఆ వాసనతో వచ్చే అలవాటు, ఆ చెయ్యి చేసే పని మిగిలి ఉండొచ్చు. మనకి కావాల్సింది అది.

రెండోది, అసలు ముక్కు పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. రెండు దూది ఉండలు తీసుకుని ఒకటి వట్టి నీళ్లలో తడిపి, రెండోదానికి కాఫీ పొడి పట్టించి, ముక్కుకి జానెడు దూరంలో ఒకదాని తర్వాత ఒకటి పట్టుకోమన్నాను. ఏమీ అడగకుండా మొహం చూడమన్నాను. రెండింటికీ ఒకేలా ఉంటే ఈ పనిలో పెద్ద ఫలితం ఉండదు. మామ్మ నీళ్ల దూదిని పట్టించుకోలేదు, రెండోదాని వైపు మెడ చాపింది. అదే మామ్మ చెల్లెలితో ప్రయత్నిస్తే ఏమీ లేదు. ఆవిడ చిన్నప్పటి నుంచి అడ్డపొగ తాగిన మనిషి. మా వైపు ఆడవాళ్లు చాలామంది నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవారు కదా. ఆ పొగ వల్లనో, వయసు వల్లనో, ఆవిడకి ఉల్లిపాయ వాసన కూడా సరిగా తెలియడం లేదు. ఆవిడతో పాత పాటలు పెట్టుకోవడమే మేలు.

మొదట పౌడర్. మామ్మ వాడిన రకమే కావాలి. ఆ డబ్బా కోసం మా అన్నయ్య విజయనగరం అంతా తిరిగి, చివరికి ఒక పాత ఫ్యాన్సీ షాపులో సంపాదించాడు. పౌడర్‌ని మొహం దగ్గర దులపకూడదు, ఆ మెత్తటి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు, దగ్గున్న ముసలివాళ్లకి మరీను. కాబట్టి చేతిరుమాల్లో చిటికెడు వేసి మడతపెట్టి, ఆ మడత మామ్మ ఒడిలో పెట్టడం. ఇక్కడ అర్ధరాత్రి పన్నెండు కొట్టేసరికి వేసవిలో అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. నాకు నైట్ డ్యూటీలో బ్రేక్ అప్పుడే. వీడియో కాల్ పెట్టి, ఫోను మామ్మకి కనబడకుండా వెనకాల అలమరా మీద ఆనించమన్నాను. ఫోన్లోంచి గొంతొస్తే మామ్మ నాకోసం గదంతా వెతుకుతుంది.

రుమాలు చేతికొచ్చింది. మామ్మ మడత విప్పలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది, తర్వాత మెడ మీద అద్దుకుంది, తర్వాత జాకెట్టు వెనక వైపు. అప్పుడు జుట్టు సరిచేసుకుని వదిన వైపు తిరిగి, "రిక్షా వచ్చిందేటే?" అంది. మా వదిన తెలివైనది, ఏ రిక్షా అని అడగలేదు. "వస్తాది, ఏ సినిమాకి మామ్మా?" అంది. సినిమా పేరు రాలేదు. తాత జూట్ మిల్లులో షిఫ్టు దిగి, నార మరకలు కడుక్కుని వస్తే ఇద్దరూ రెండో ఆటకి విజయనగరం వెళ్లేవారట, నెల్లిమర్ల నుంచి. "మీ తాత ఇంకా దిగలేదేటి" అంది. తాత పోయి చాలా ఏళ్లయింది. అక్కడ "తాత లేడు కదా మామ్మా" అంటే ఆ క్షణంలో మళ్లీ కొత్తగా చావు కబురు చెప్పినట్టే. "షిఫ్టు ఎన్నింటికి దిగుతారు?" అని అడిగితే సరిపోతుంది, మాట సాగుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత తెలిసింది. వదిన ఒకసారి సాయంత్రం, స్నానం చేయించాక, మామ్మ హాయిగా ఉంటుంది కదా అని అదే రుమాలు ఇచ్చింది. మామ్మ మెడకి అద్దుకుంది, చెప్పులు వెతికింది, వీధి తలుపు గడియ తీసింది. ఆపితే ఏడుపు, కోపం, "నన్ను ఎల్లనివ్వరేటి" అని కేకలు. చీకటి పడే వేళ డిమెన్షియా ఉన్నవాళ్లకి కంగారు ఎక్కువవుతుంది, దానికి ఈ పౌడర్ తోడైంది. ఆమెకి ఆ వాసనంటే బయటికి వెళ్లడం. బయల్దేరదీసి బయటికి పోనివ్వకపోతే ఎవరికైనా మండుతుంది. అప్పటి నుంచి పౌడర్ రుమాలు పొద్దున్నే, అది కూడా తర్వాత వీధి అరుగు మీదకి తీసుకెళ్లి పది నిమిషాలు కూర్చోబెట్టే తీరిక ఉన్నప్పుడు మాత్రమే. అరుగు మీద వచ్చేపోయే మనుషుల్ని చూశాక సినిమా సంగతి ఎలాగూ మర్చిపోతుంది. వాసన పని మొదలుపెడుతుంది కానీ పూర్తి చేయదు, పూర్తి చేయించాల్సింది మనమే. మా కేర్ హోమ్ ట్రైనింగ్‌లో ఈ మాట ఎవరూ చెప్పలేదు.

పన్నీరు గురించి నాకు అనుమానమే రాలేదు. పెళ్లిలో గుమ్మం దగ్గర పన్నీరు బుడ్డితో చిలకరించడం, అందరికీ మంచి వాసనే కదా. వదిన దూది మీద రెండు చుక్కలేసి దగ్గరికి తీసుకెళ్లగానే మామ్మ మొహం పక్కకి తిప్పేసింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. చీర అంచు పీకడం మొదలుపెట్టింది, ఊపిరి వేగమైంది. "ఎవురు పోయినారే?" అంది. తాత పోయినప్పుడు అగరొత్తులతో పాటు పన్నీరు కూడా చల్లారని మా నాన్న తర్వాత చెప్పారు. చీర పీకడం, కనుబొమలు ముడుచుకోవడం, ఒకే మాట పదేపదే అనడం, ఇవి చూసిన వెంటనే ఆపేయాలి. "కాదు మామ్మా, ఇది పెళ్లి వాసన" అని వాదించి లాభం లేదు. వదిన దూది బయటికి పడేసి, చెయ్యి సబ్బుతో కడుక్కుని, కిటికీలు తీసి, తమలపాకు ఒకటి మామ్మ చేతికిచ్చింది. ఈనె తీయడం మొదలుపెట్టాక ఊపిరి నెమ్మదించింది. గదిలో చిలకరించకుండా దూది మీదే వేయడం ఎందుకు మంచిదో అప్పుడు తెలిసింది. చిలకరించి ఉంటే ఆ వాసన పరుపునీ చీరనీ పట్టుకుని వదిలేది కాదు. పన్నీరు సీసా మా పెట్టెలోంచి పోయింది. ఇంకో ఇంట్లో అదే మంచి సీసా కావచ్చు.

ఇక కాఫీ. ఇన్‌స్టంట్ పొడికి మామ్మ మెడ చాపింది గానీ మాట రాలేదు. అరకు వెళ్లిన బంధువులు తెచ్చిన పచ్చి గింజలు గుప్పెడు ఉంటే, వంటింట్లో చిన్న మంట మీద మూకుడులో వేయించమన్నాను. మామ్మ హాల్లో కూర్చుని ఉంది, ఎవరూ ఏమీ చెప్పలేదు. గింజలు నల్లబడే వాసన వచ్చేసరికి మామ్మ కుడిచెయ్యి ఒడిలో గుండ్రంగా తిరగడం మొదలైంది. పైన ఏదో పిడి పట్టుకున్నట్టు గుప్పిట మూసి, నెమ్మదిగా, ఒకే వేగంతో. వదిన వెళ్లి పక్కన కూర్చుని తన చెయ్యి కూడా అలాగే తిప్పింది. "గబగబా తిప్పకే, గుండ ముతకొస్తాది, పెద్దమ్మ తిడతాది" అంది మామ్మ. గంటస్తంభం దగ్గర పెద్దమ్మ ఇంట్లో కాఫీ మర ఉండేదట, బడి లేని రోజు తిప్పే పని మామ్మదట, దానికి కూలి ఒక బెల్లం ముక్కట. ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఇది. మా నాన్నకి కూడా తెలియదు. ఆ పెద్దమ్మ పేరు అడిగితే రాలేదు, నేను వదినకి మెసేజ్ పెట్టాను, ఇక అడగొద్దని.

ఇది రోగాన్ని తగ్గించే వైద్యం కాదు. పాత జ్ఞాపకాలతో చేసే ఈ పని మీద 2018లో, వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి చూసే కాక్రేన్ సంస్థ వేసిన సమీక్ష కూడా మేలు ఉంటే చిన్నదేననీ, అన్ని చోట్లా ఒకేలా కనబడలేదనీ చెప్పింది. మర్నాడు పొద్దున్న మామ్మకి కాఫీ మర సంగతి గుర్తు లేదు, నా పేరు అంతకన్నా లేదు. మా ఇంట్లో లాభం ఆ పొద్దుటి వరకే. ఆ పూట స్నానానికి గొడవ పడదు, వదినకి ఓ అరగంట మాట తోడు.

వదిన ఒక నోటుబుక్కు పెట్టింది. ఏ వాసన, ఏ వేళ, మొహం ఎలా ఉంది, ఏం మాట వచ్చింది, తర్వాత ఏం అడిగింది. ఒక పూటకి ఒకటే, మహా అయితే రెండు. రెండు నిమిషాలకే ముక్కు ఒక వాసనకి అలవాటు పడిపోతుంది, మూత పెట్టేయాలి. వారానికోసారి దూది మార్చాలి. సీసాలు అలమరాలో తాళం వేసి ఉంచాలి, లేకపోతే మందు అనుకుని తాగేసే ప్రమాదం ఉంది. కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు ఎంత పాత వాసనైనా ఈ పెట్టెలోకి రానివ్వకూడదు, మింగితే విషం.

గింజలు వేయించిన రోజు మాత్రం మామ్మకి కాఫీ ఇచ్చి తీరాలి. ఆశపెట్టి ఇవ్వకపోతే వీధి తలుపు దగ్గర జరిగిన గొడవే వంటింటి గుమ్మం దగ్గర అవుతుంది. షుగర్ మాత్రలు వేసుకునే మనిషి కాబట్టి అరగ్లాసు, పంచదార లేకుండా. వదినని తిట్టుకుంటూ మొత్తం తాగేస్తుంది.