అక్క వీణ, అక్క గొంతు, మధ్యలో ఒక మిల్లీసెకను

వీణ ఒక్కటీ రికార్డు చేస్తే బ్రహ్మాండంగా వస్తోంది. గొంతు ఒక్కటీ అయినా అంతే. అక్క వాయిస్తూ పాడి, రెండు ట్రాకులూ కలిపితే మాత్రం గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. పైగా ఆ డబ్బా కదులుతోంది కూడా.

గది విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీదిది. ఫ్యాన్ ఆపితే పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది, అందుకే టేకులు చిన్నవే. గొంతు మైకు నోటికి 15 సెం.మీ., వీణ మైకు కుండకి 15 సెం.మీ., రెండు మైకుల మధ్య 47. మైకుల మధ్య దూరం, మైకుకీ దాని ముందున్న నోటికో వాద్యానికో ఉన్న దూరానికి మూడింతలుండాలనే త్రీ టు వన్ రూలు ప్రకారం 45 ఉంటే చాలు. టేపు పెట్టి మరీ కొలిచాను.

అక్క నోటి నుంచి వీణ మైకుకి 50 సెం.మీ. అంటే గొంతు అక్కడికి 35 సెం.మీ. అదనంగా వెళ్తోంది. మన వేడికి ధ్వని వేగం సెకనుకి సుమారు 349 మీటర్లు కాబట్టి ఆలస్యం ఒక మిల్లీసెకను. కలిపితే ఆ రెండు గొంతులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో స్పెక్ట్రమ్ చూస్తే సరిగ్గా అక్కడే ఉన్నాయి. పాటలో లీనమై అక్క తల వంచితే తేడా 20 సెం.మీ.కి తగ్గి, మొదటి గుంట 870 దాకా జారుతుంది. ఆ కదలిక ఇదే. తరంగాన్ని తలకిందులు చేసే ఫేజ్ బటన్ నొక్కితే గుంటలు 1000, 2000కి మారాయి, గొంతులో బరువు పోయింది. వీణ ట్రాకుని 48 శాంపిల్స్, అంటే ఆ ఒక మిల్లీసెకను, ముందుకు జరిపితే తల కదలనంత సేపే బాగుంది.

మరి రూలు పాటించినా ఇంత లోతెందుకు? వీణ వాయించకుండా వట్టిగా పాడమన్నాను అక్కని. "ఒరేయ్, చేతులు ఖాళీగా పెట్టుకుని ఎలా పాడాలిరా?" అంది. గొంతు ట్రాకులో మీటరు -12, వీణ ట్రాకులో -13! దూరం మూడింతలైతే గొంతు 9.5 డీబీ తగ్గుతుంది, అదీ బయట మైదానంలో. అప్పుడు గుంట లోతు మూడున్నర డీబీయే, చెవి పెద్దగా పట్టించుకోదు. కానీ వీణ శబ్దం చిన్నది, దాని మైకుకి గెయిన్ బాగా పెంచాను. దూరం తగ్గించినదంతా గెయిన్ తిరిగి ఇచ్చేసింది. ఒక్క డీబీ తేడాలో గుంట 19 డీబీ దాకా దిగుతుంది. రూలు రెండు మైకుల గెయిన్ ఒకటే అనుకుని చెప్పింది, టేపుతో కొలిచేవాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పరు.

వీణ మైకుని కుండకి 8 సెం.మీ. దగ్గరికి దించి, వీపు అక్క నోటివైపు ఉండేలా కిందికి తిప్పాను. గెయిన్ తగ్గించాను. ఇప్పుడు తేడా 12 డీబీ, డబ్బా పోయింది. దగ్గరవడంతో ఉబ్బిన బాస్‌ని కొంచెం కోశాను.

ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకు ఏదైనా సరే, వీపు వైపు బాగా మూసుకునేది కొనండి. కిట్లలో వచ్చే చవక కండెన్సర్ల కంటే గొంతుకి ఎస్ఎమ్58 మైకు నాకు ఎప్పుడూ నయం. వచ్చే వారం మృదంగం కూడా వస్తోంది. దాన్ని అక్క గొంతు మైకుకి వెనక ఎక్కడ కూర్చోబెట్టాలో, ముందు అక్కని పాడనివ్వకుండా మీటర్లు చూసి తేల్చాలి.