వక్త పరిచయం, ఒక్క పేజీ పత్రం: నా అనుభవం

రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారి నిద్ర గురించి నేను ప్రసంగాలు ఇస్తుంటాను. నిర్వాహకులకు పంపడానికి పరిచయమూ, నా ప్రసంగాల వివరాలుండే ఒక్క పేజీ వక్త పత్రమూ సిద్ధం చేసుకునే పని నిన్నటితో ముగిసింది. ఫొటో, ఫోన్ నంబరు, ఈమెయిలు చేర్చడం గంటలో అయిపోయింది. నన్ను ఏడిపించింది పరిచయమే.

మొదటి పత్రాన్ని ఒక డిజైనరు చేత చేయించాను. ఆయన దాన్ని పాత డీటీపీ ఫాంటులో కూర్చి పీడీఎఫ్ చేసి ఇచ్చారు. చూడటానికి ముచ్చటగానే ఉంది కానీ, అందులోంచి కాపీ చేసి మరోచోట అతికిస్తే తెలుగుకు బదులు పిచ్చి గీతలు వస్తాయని ఆయన చెప్పలేదు, నేనూ పరీక్షించలేదు. నన్ను పిలిచిన సభ నిర్వాహకులు గత్యంతరం లేక చేత్తో టైపు చేసుకున్నారు. సమయం చాలక మొదటి ఆరు పంక్తులు మాత్రమే తీసుకున్నారు. ఆ ఆరు పంక్తులలో నేను రాసుకున్నవి నా డిగ్రీలు, సన్మానాలు, "బహుముఖ ప్రజ్ఞాశాలి" అన్న మాట! వేదిక మీద వ్యాఖ్యాత అవి చదువుతుంటే, ఇంటి పేరు కూడా తప్పు పలుకుతుంటే, నేను దేని గురించి మాట్లాడబోతున్నానో సభలో ఒక్కరికీ తెలియలేదు. తలెత్తి చూడలేకపోయాను. తప్పు వారిది కాదు, వారి చేతికి నేనిచ్చిన కాగితానిది.

అందుకే పరిచయాన్ని తలకిందులు చేశాను. ఇప్పుడు మొదటి వాక్యం ఇది: "రాత్రి డ్యూటీలు చేసే నర్సులకు నిద్ర వేళలు సర్దుకోవడం నేర్పే ఈమె, స్వయంగా 12 ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసిన నర్సు." దీని తర్వాత ఎక్కడ కత్తిరించినా అసలు విషయం పోదు. ఆహ్వానపత్రానికి ఒక్క వాక్యం, వేదిక మీద చదవడానికి 60 మాటలు, కరపత్రానికి 150 మాటలు, ఇలా మూడు కొలతలు ప్రథమ పురుషలోనే రాశాను. 60 మాటలదాన్ని గట్టిగా చదివి, నాలుక తడబడిన ప్రతిచోటా వాక్యాన్ని విరిచాను. ఇంటి పేరు పలికే తీరును పక్కనే రాశాను.

పత్రంలో రెండే ప్రసంగాలు ఉంచాను. ఒక్కోదానికి శీర్షిక, ఎవరి కోసమో, ఎన్ని నిమిషాలో, విన్నవారు ఇంటికి వెళ్లి ఏం చేయగలరో రాశాను. మొదట ఎనిమిది అంశాలు పెట్టాను కానీ, అన్నీ మాట్లాడేవారిని ఎవరూ దేనికీ పిలవరని తీసేశాను. ప్రొజెక్టరు, కాలరు మైకు కావాలన్న సంగతి అడుగున ఒక పంక్తిలో ఉంది.

పీడీఎఫ్‌ను యూనికోడ్ ఫాంటులో మళ్లీ చేయించాను. అయినా తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఒత్తులు చెదిరే ప్రమాదం ఉంది కనుక, మూడు పరిచయాలనూ ఈమెయిలులోనే మామూలు అక్షరాలుగా పెట్టి, ఫొటోను పెద్ద సైజులో విడిగా జతచేస్తున్నాను. ఈ ఉదయం ఒక నిర్వాహకురాలు ఫోన్ చేసి, "మేడమ్, ఏ తేదీ వీలవుతుంది?" అని మాత్రమే అడిగారు.