గిఫ్ట్ సెట్ మొత్తం విప్పి చూడాలి

నేను పనిచేసేది సింగపూర్‌లో, కానీ క్లయింట్లకు గిఫ్టులు మాత్రం హైదరాబాద్ ఆఫీసు వాళ్లతోనే కొనిపిస్తాం, బిద్రీ పని, చార్మినార్ అత్తరు లాంటివి ఇస్తే మా ఊరిదని చెప్పుకోవడానికి బాగుంటుంది. చిక్కు సాధారణంగా మనం ఏరికోరి తీసుకున్న వస్తువులో ఉండదు, దానితో పాటు సెట్టులో వచ్చేవాటిలో ఉంటుంది.

ఈసారి షాపువాళ్లు చూపించిన శాంపిలే తీసుకోండి. బిద్రీ పెన్ స్టాండు, దాని మధ్యలో చిన్న గడియారం, బంగారు పూత పెన్ను, కవర్లు కోసే చిన్న కత్తి, అన్నీ తెల్ల డబ్బాలో. ఇవ్వాల్సింది ఇద్దరికి, ఒకరు చైనీస్ కుటుంబ కంపెనీ పెద్దాయన, ఇంకొకరు మలయ్ ముస్లిం మేనేజర్.

"అన్నా, గడియారం పనికొచ్చేదే కదా, ఎందుకు తీసేయాలి?" అని మా తమ్ముడొకడు ఫోన్‌లో అడిగాడు. చైనీస్‌లో గడియారం ఇవ్వడం అన్నా, పోయేవాళ్లకు చివరి సేవ చేయడం అన్నా ఒకేలా వినిపిస్తుంది, అందుకే పెద్ద వయసువాళ్లు దాన్ని చాలా అపశకునంగా తీసుకుంటారు. కత్తి అంటే సంబంధం తెంపుకోవడం. తెలుపు చావు ఇంటి రంగు కాబట్టి డబ్బా ఎరుపులోకి మార్పించాం. ఇక లెక్క దగ్గర మన అలవాటు అస్సలు పనికిరాదు. మనం 500 పెడితే పైన రూపాయి బిళ్ల కలిపి 501 చేస్తాం, వాళ్లు శుభానికి సరిసంఖ్యే ఇస్తారు, బేసిసంఖ్యలో డబ్బు ఇచ్చేది చావు ఇంట్లో. సరిసంఖ్యల్లోనూ 4 వద్దు, ఆ మాట చావు అనే మాటలాగే పలుకుతుంది. అందుకే స్టాండు, మామూలు పెన్ను, రెండే వస్తువులు పంపాం.

మలయ్ మేనేజర్‌కి గడియారంతో ఇబ్బంది లేదు, పెన్ను మీది బంగారం గురించే ఆలోచించాలి. ఇస్లాంలో మగవాళ్లు బంగారం, పట్టు ధరించకూడదు. పెన్ను ఒంటికి పెట్టుకునే నగ కాదు కదా అని కొందరు పట్టించుకోరు, కొందరు పట్టించుకుంటారు, మనకెందుకా టెన్షన్ అని స్టీలు పెన్ను పెట్టించాను. పోచంపల్లి టై కూడా పట్టుది వద్దన్నాను, నూలుది చాలు. దేవుడి బొమ్మలు ఎలాగూ పంపం. నాకు బాగా నచ్చింది అత్తరు, ఆల్కహాల్ కలపకుండా నూనెతో చేసింది అడిగి తీసుకోవాలి, ఎందుకంటే అత్తరు పేరుతో స్ప్రే సీసాలు కూడా అమ్ముతారు. తినేవి పెడితే హలాల్ ముద్ర చూడాలి, జెల్లీ స్వీట్లలో జెలటిన్ ఉంటే అది ఏ జంతువుదో తెలియదు. రంజాన్ నెలలో పగటిపూట మీటింగ్‌లో స్వీట్ డబ్బా తెరవడం కూడా బాగుండదు.

పేరు చూసి మతం ఊహించకండి, సింగపూర్ చైనీయుల్లో బౌద్ధులు, క్రైస్తవులు, ముస్లింలు కూడా ఉన్నారు. వాళ్ల సెక్రటరీని ముందే అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ తర్వాత ప్యాక్ చేసే ముందు డబ్బా తెరిచి లోపలిదంతా ఫోటో తీసి పంపమని షాపువాళ్లకు చెప్పండి.