పట్టిక లేని చార్ట్ నుంచి మేత టన్నులు లెక్కగట్టిన నా అనుభవం

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలకు మేత అమ్మే ఒక డీలర్ దగ్గర నేను లెక్కలు చూస్తాను. ఆయన ఒక ఫీడ్ కంపెనీ డీలర్‌షిప్ తీసుకునే ముందు రెండు సంగతులు తెలుసుకోవాలనుకున్నారు: కంపెనీ అమ్మకాలు నిజంగా పెరుగుతున్నాయా, కిలో మేత మీద వాళ్లకు సగటున ఎంత వస్తోంది. రెండోదానికి ఫీడ్ ఆదాయాన్ని అమ్మిన కిలోలతో భాగిస్తే సరిపోతుంది. ఆదాయం వార్షిక నివేదికలో, ఒక్కో వ్యాపారం లెక్క విడిగా చూపే సెగ్మెంట్ నోట్‌లో అంకెలతో సహా ఉంది. టన్నులు మాత్రం ఎక్కడా లేవు. ముందు పేజీల్లో అయిదేళ్ల అమ్మకాలను చూపే రంగురంగుల బార్ చార్ట్ ఒక్కటే ఉంది, దాని బార్ల మీద కూడా అంకెలు వేయలేదు.

ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది ఆ చార్ట్ గీతలా, ఫోటోనా అని. పీడీఎఫ్‌ను 800 శాతానికి పెద్దది చేసినప్పుడు బార్ అంచు పదునుగానే ఉంటే అది గీతలతో గీసిన బొమ్మ. దాన్ని ఇంక్‌స్కేప్‌లో తెరిచి బార్‌ను ఎంచుకుంటే ఎత్తు దానంతటదే కనిపిస్తుంది, కొలిచే పనే ఉండదు. నాకు ఆ అదృష్టం లేదు. అంచులు మసకబారాయి, అంటే ఫోటోనే. ఫోటో అయినా స్క్రీన్‌షాట్ తీయకూడదు. అలా తీస్తే మన స్క్రీన్ సైజుకు తగ్గి, ఉన్న పిక్సెళ్లు కూడా పోతాయి. పీడీఎఫ్‌లో పెట్టిన అసలు బొమ్మను ఈ కమాండ్‌తో బయటికి తీశాను. చార్ట్ 14వ పేజీలో ఉంది:

```
pdfimages -all -f 14 -l 14 report.pdf chart
```

వచ్చిన బొమ్మను పెయింట్‌లో తెరిచాను. మౌస్‌ను ఎక్కడ పెడితే అక్కడి పిక్సెల్ స్థానం కింద కనిపిస్తుంది. పిక్సెళ్ల లెక్క పైనుంచి కిందికి పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. కాబట్టి బార్ ఎంత ఎత్తుగా ఉంటే దాని అంకె అంత చిన్నది.

బార్ల జోలికి వెళ్లకముందు నిలువు అక్షాన్ని చదివాను. ఈ చార్ట్‌లో అసలు కథంతా అక్కడే ఉంది. అక్షం సున్నా నుంచి మొదలవలేదు. అడుగున 30, పైన 70, యూనిట్ వేల టన్నులు. 30 గీత 1010వ పిక్సెల్ దగ్గర, 70 గీత 210 దగ్గర ఉన్నాయి. అంటే 800 పిక్సెళ్లలో 40 వేల టన్నులు, పిక్సెల్‌కు 50 టన్నులు. రెండు గీతలే చూసి వదిలేయకుండా మధ్యలోని 50 గీతను కూడా కొలిచాను. లెక్క ప్రకారం అది 610 దగ్గర ఉండాలి, 611 దగ్గర దొరికింది. ప్రతి గీతకూ ఎడమ కొసా కుడి కొసా ఒకే ఎత్తులో ఉన్నాయి కాబట్టి బొమ్మ వంకర లేదు, స్కేలు కూడా సమంగానే ఉంది. మధ్య గీత బాగా పైకో కిందికో జరిగి ఉంటే అది రెట్ల లెక్కన పెరిగే లాగ్ స్కేలేమోనని, లేదా బొమ్మను ఎవరో ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ సాగదీశారేమోనని అనుమానించాల్సి వచ్చేది.

తర్వాత ఎక్సెల్‌లో బార్ల పైఅంచుల పిక్సెళ్లు B కాలమ్‌లో రెండో వరుస నుంచి రాసుకుని, పక్కన ఈ ఫార్ములా పెట్టాను:

```
=30000+(1010-B2)*40000/800
```

2020-21 బార్ అంచు 800 దగ్గర ఉంది, అంటే 40,500 టన్నులు. 2021-22 అంచు 590, అంటే 51,000. 2022-23 అంచు 556, అంటే 52,700. 2023-24 అంచు 468, అంటే 57,100. కంటితో చూస్తే చివరి బార్ 2020-21 బార్‌కు రెండున్నర రెట్లకు పైనే ఉన్నట్టుంది. అసలు పెరుగుదల 41 శాతం. అడుగున 30 వేలు కోసేయడం వల్ల వచ్చిన మాయ అది. డీలర్ మాత్రం బొమ్మ చూసి, "ఏందబ్బా, మూడేళ్లలో ఇంత ఎగిరిందా!" అన్నారు. అంకె చెప్పాక కాస్త చల్లబడ్డారు.

బార్ అంచు ఒక్క పిక్సెల్‌తో తెగిపోదు. రంగు నుంచి తెలుపుకు మారడానికి నాలుగైదు పిక్సెళ్లు పడుతుంది. నేను రంగు సగం పలచబడిన చోటును అంచుగా తీసుకున్నాను. అన్ని బార్లకూ, గీతలకూ అదే పద్ధతి. దాంతో అటూ ఇటూ మూడు నాలుగు పిక్సెళ్ల తేడా రావచ్చు, అంటే దాదాపు 200 టన్నులు. అందుకే 57,100 అని చెప్పినా, దాన్ని 56,900 నుంచి 57,300 మధ్య అని చదవాలి.

ఈ అంచనా ఎంతవరకు నమ్మవచ్చు? సరిచూసుకోవడానికి రెండు ఆధారాలు దొరికాయి. నివేదికలోని ఛైర్మన్ ఉత్తరంలో 2023-24లో టన్నుల్లో 8 శాతం పెరిగామని రాశారు. నా లెక్కలో 52,700 నుంచి 57,100కు పెరుగుదల 8.3 శాతం. అక్షం అడుగును పట్టించుకోకుండా బార్ ఎత్తులనే పోల్చి ఉంటే 19 శాతం వచ్చేది, అప్పుడే తప్పు బయటపడేది. రెండోది ఇంకా గట్టి ఆధారం. స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్‌లో దొరికిన రెండేళ్ల కిందటి నివేదికలో ఇలాంటి చార్టే ఉంది, అందులో మాత్రం బార్ల మీద అంకెలు వేశారు. 2021-22కు అక్కడ 51,150 అని ఉంది, నాది 51,000. నేను వేసుకున్న 200 టన్నుల హద్దు లోపలే ఉంది. పాత నివేదికలు తిరగేయడం విసుగు పనే కానీ, అంకె అచ్చులో దొరికితే కొలిచే పని తప్పుతుంది. ఆ ఏడాదికి నేను అచ్చులో ఉన్న అంకెనే వాడాను.

ఆ చార్ట్ మీదే మార్జిన్ చూపే గీత ఒకటి ఉంది. దానికి కుడివైపు వేరే అక్షం, అదే 800 పిక్సెళ్లలో సున్నా నుంచి 12 శాతం వరకు. దాన్ని ఎడమ అక్షంతో చదివితే అర్థం లేని అంకె వస్తుంది. గీత లావుగా ఉంది కాబట్టి చుక్క నడిమధ్యను తీసుకున్నాను. చివరి ఏడాది చుక్క 490 దగ్గర ఉంది, అంటే 7.8 శాతం. చుక్కల మధ్య గీతను వంపుగా సాగదీశారు, ఆ వంపులో డేటా ఏమీ ఉండదు. రెండు చుక్కల మధ్య గీత పైకి లేచినా ఆ సంవత్సరాల మధ్య మార్జిన్ పెరిగిందని అనుకోకూడదు.

ఇక మా డీలర్‌కు కావలసిన లెక్క. ఫీడ్ ఆదాయం 2022-23లో 458 కోట్లు, 2023-24లో 502 కోట్లు. టన్నులతో భాగిస్తే కిలోకు 86.90 రూపాయలు, తర్వాత 87.90. చూడ్డానికి సరిగ్గా రూపాయి పెరిగినట్టుంది. కానీ 200 టన్నుల హద్దును రెండేళ్లకూ కలిపితే మొదటిది 86.60 నుంచి 87.20 మధ్య, రెండోది 87.60 నుంచి 88.20 మధ్య ఉంటుంది. రెండు హద్దులూ ఒకదాని మీదికి ఒకటి రావడం లేదు కాబట్టి సగటు పెరిగిన మాట నిజం. ఎంత పెరిగిందంటే నలభై పైసల నుంచి రూపాయి అరవై పైసల మధ్య అనే చెప్పగలం.

అది రేటు పెంచడం వల్లే అని కూడా అనలేం. చిన్న రొయ్యలకు వేసే సన్న మేత కిలో రేటు ఎక్కువ. ఆ ఏడాది అది ఎక్కువ అమ్ముడుపోయినా సగటు పైకి వస్తుంది. ఏ సైజు మేత ఎన్ని టన్నులు అమ్మారో ఏ చార్ట్‌లోనూ లేదు. డీలర్ సేల్స్ ఆఫీసర్‌ను కలవడానికి వెళ్తూ, "కిలోకి రూపాయి పెంచారు గదా అని అడగమంటావా?" అన్నారు. రూపాయి మాట ఎత్తొద్దన్నాను. సగటున కొంత ఎక్కువ వస్తున్నట్టుంది, ఏ సైజు మేతలో అని అడగమని చెప్పాను.