అరవలేదేం?

విషయం చెప్పగానే అమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మరి అరవలేదేమే?"

గుంటూరు బ్రాడీపేటలో మా వంటింట్లో, పొంగబోతున్న పాలగిన్నెని కొంగుతో దించుతూ అడిగింది. నన్ను తప్పుపట్టాలని కాదు, కంగారులో నోటికొచ్చింది. అది నాకు చాలా నెలల తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం, అవును కదా, ఎందుకు అరవలేదు అనుకున్నాను. ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది.

నామీద అత్యాచారం చేసినవాడు మాకు బంధువు, ఇంట్లోకి చనువుగా వచ్చిపోయేవాడు. ఆ మధ్యాహ్నం గురించి ఇంతకు మించి రాయను.

అది గురువారం. అమ్మకి శుక్రవారం సాయంత్రం చెప్పాను. నాన్న ఊళ్ళో లేరు, ఆయన వచ్చాక చూద్దామంది. శనివారం రాత్రి నాన్న వచ్చారు. ఆదివారం మామయ్య, పెద్దమ్మ వచ్చి హాల్లో కూర్చున్నారు. పరువు, పెళ్ళి సంబంధాలు, వాడి తల్లిదండ్రుల మొహం ఎలా చూడాలి, ఇవే మాటలు. నేను పక్క గదిలో ఉన్నాను. నన్నెవరూ పిలవలేదు. సోమవారం ఆసుపత్రికి వెళితే డాక్టరమ్మ టైము లెక్కేసి కాసేపు ఏమీ అనలేదు. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే 28 రోజుల మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలట. ఆ గడువు ఆదివారం మధ్యాహ్నం, మావాళ్ళు హాల్లో మాట్లాడుకుంటుండగానే దాటిపోయింది. తర్వాత చేసిన పరీక్షల్లో ఏమీ లేదని తేలింది. కానీ ఆ రిపోర్టుల కోసం ఎదురుచూసిన వారాలు నాకింకా గుర్తే. ముందు పోలీసు కంప్లైంటు ఉంటే తప్ప ఆసుపత్రిలో చూడరని మామయ్య గట్టిగా నమ్మాడు. అది తప్పు. ఇలాంటి కేసులో ప్రైవేటు ఆసుపత్రైనా సరే వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని చట్టమే చెబుతోంది.

మా తమ్ముడు వాణ్ణి నరికేస్తానని ఊగిపోయాడు. తమ్ముణ్ణి పట్టుకుని బతిమాలి కూర్చోబెట్టింది ఎవరనుకున్నారు, నేనే. ఆ తర్వాత నా ఫోను తీసుకున్నాడు, ఆఫీసుకి వాడే దింపడం, వాడే తేవడం. ప్రేమే, కాదనను. కానీ నా ఒంటి మీద నాకు అధికారం లేకుండా పోయిన నాలుగు రోజులకే, నా ఫోను మీద, నా దారి మీద కూడా లేకుండా పోయింది. పెద్దమ్మ ఏమో "మర్చిపో తల్లీ, పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అంది. నాన్న నా మొహం చూడటం మానేశారు. అసహ్యం వేసిందనుకున్నాను.

తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చింది. ఆవిడ ఒక్క ప్రశ్న అడగలేదు. రాత్రి నా గది గుమ్మానికి అడ్డంగా చాప పరుచుకుంది. "లోపల గడియ పెట్టుకో. నేనిక్కడే ఉంటా. లైటు ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" అంది.

ఉంచమన్నాను. ఆ వారం మొత్తంలో నా ఇష్టం ఏమిటని నన్నడిగింది ఆవిడొక్కతే.

నెల దాటింది. నిద్ర లేదు. ఎవరైనా వక్కపొడి డబ్బా మూత తీస్తే చాలు, ఆ వాసనకి చేతులు చల్లబడి, చెవులు మూసుకుపోయి, మళ్ళీ ఆ గదిలోనే ఉన్నట్టు అయ్యేది. అలాంటప్పుడు అమ్మమ్మ గోంగూర కట్ట నా ఒళ్ళో పడేసేది. తడి కాడ, పులుపు వాసన, గిల్లితే టప్పుమనే చప్పుడు. కట్ట సగం వలిచేసరికి మళ్ళీ మా వంటింట్లోకి వచ్చిపడేదాన్ని. ఇలాంటిదాన్నే కౌన్సెలర్లు 'గ్రౌండింగ్' అంటారని తర్వాత తెలిసింది. అమ్మమ్మకి ఆ పేరు తెలీదు, కూరకి ఆకు కావాలంతే.

ఎవరూ గుర్తుపట్టరని విజయవాడలో డాక్టర్ని చూశాం. మొదటి నెలలో ఇలా ఉండటం చాలామందికి ఉండేదేననీ, నెల దాటినా తగ్గలేదు కాబట్టి దీన్ని పి.టి.ఎస్.డి. అంటారనీ, ఘోరం జరిగాక మనసుకి పట్టుకునే జబ్బనీ ఆయన చెప్పారు. సెర్ట్రలిన్ అనే మందు రాశారు. మొదటి రెండు వారాలు వికారం, ఆ తర్వాత నిద్ర కొంచెం నిలబడింది. దాంతోపాటు అక్కడి సైకాలజిస్టు మేడమ్ దగ్గర వారానికి ఒకటి చొప్పున 12 సెషన్లు.

మేడమ్ ఓ కాగితమిచ్చి, మనసులో ఇరుక్కుపోయిన మాట ఏదో రాయమన్నారు. "నేను అరవలేదు, కాబట్టి నేనూ ఒప్పుకున్నట్టే" అని రాశాను. ఎంత శాతం నమ్ముతున్నావన్నారు. వందకి వంద. దానికి సాక్ష్యం ఏమిటో ఒక పక్క, అది నిజం కాదనడానికి సాక్ష్యం ఏమిటో ఇంకో పక్క రాయమన్నారు. మొదటి పక్క "అరవలేదు" ఒక్కటే ఉంది. రెండో పక్క రాయడానికి మూడు వారాలు పట్టింది. నోరు తెరిచాను, శబ్దం రాలేదు. కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. గోడమీద క్యాలెండరులో తేదీలు లెక్కపెడుతున్నాను. "ఇష్టపడ్డ మనిషి తేదీలు లెక్కపెడుతుందా?" అన్నారు మేడమ్. ఆ మాట మొదట ఎవరన్నారని కూడా అడిగారు. వంటిల్లు, పాలగిన్నె చెప్పాను. వచ్చే వారం అమ్మని తీసుకురావడం నీకిష్టమేనా అన్నారు.

అమ్మ వచ్చింది. భయంతో ఒళ్ళు కొయ్యబారి గొంతు పెగలకుండా పోవడం శరీరం తనంతట తాను చేసే పని అని మేడమ్ ఆవిడకి చెప్పారు. 2017లో అచ్చయిన ఒక స్వీడన్ పరిశోధన గురించి కూడా చెప్పారు. అత్యాచారం జరిగాక స్టాక్‌హోమ్‌లో ఒక ఎమర్జెన్సీ క్లినిక్‌కి వచ్చిన 298 మంది ఆడవాళ్ళని అడిగితే, 70 శాతం మంది తమకు బాగా అలాగే అయిందన్నారట. అలా కొయ్యబారినవాళ్ళలో ఆ తర్వాత పి.టి.ఎస్.డి. కూడా ఎక్కువగా కనిపించిందట. అమ్మ తలూపింది, ఏమీ అనలేదు.

తిరుగు బస్సులో మంగళగిరి దాటాక అంది: "మనింట్లో గ్యాసు అంటుకున్న రోజు గుర్తుందా? తడి గోనెసంచి వేసింది మీ అమ్మమ్మ. నేను పొయ్యి పక్కనే నిలబడి చూస్తూ ఉండిపోయా. కాలు కదల్లేదు. ఆరోజు నన్నెవరూ ఏమీ అన్లా." కాసేపాగి, "నిన్ను అట్టా అడగకుండా ఉండాల్సింది" అంది. కిటికీ వైపు చూస్తూనే అంది.

పన్నెండో వారానికి ఆ కాగితం మీద "నా గొంతు పెగల్లేదు. అది నేను తీసుకున్న నిర్ణయం కాదు" అని ఉంది. పాత మాట మీద నమ్మకం వంద నుంచి ముప్ఫైకి దిగింది. సున్నా కాలేదు. వక్కపొడి వాసనా పూర్తిగా వదల్లేదు, కాకపోతే ఇప్పుడు గదిలోంచి లేచి బయటికి వెళ్ళగలను.

కంప్లైంటు నాలుగో నెలలో ఇచ్చాను, నేనే అనుకుని. నాన్న స్టేషను వరకూ వచ్చి, "లోపలికి రానా, బయటుండనా?" అన్నారు. మొహం చూసి అడిగారు. ఇన్నాళ్ళూ సిగ్గుపడింది నన్ను చూసి కాదట, వాణ్ణి ఇంట్లోకి రానిచ్చినందుకట. కేసు ఇంకా నడుస్తోంది. తమ్ముడు ఫోను తిరిగిచ్చాడు గానీ ఎనిమిది దాటితే ఇప్పటికీ పదిసార్లు చేస్తాడు. ఆ గొడవ మాకు తెగలేదు.

మొన్న ఆ బంధువు వాళ్ళ వైపు పెళ్ళి శుభలేఖ వచ్చింది. పెద్దమ్మ ఫోన్ చేసి, మీరు రాకపోతే నలుగురూ ఏమనుకుంటారంది. అమ్మ ఫోను చేత్తో మూసి నా వైపు తిరిగింది. "ఏమంటావే?"

"నేను రాను. మీరు వెళ్తే వెళ్ళండి."

"మేం రావట్లేదక్కా" అని అమ్మ ఫోన్ పెట్టేసి, గోంగూర కట్టలో సగం నా ముందుకి తోసింది.