పైన గడ్డ, కింద గోరువెచ్చ

పొద్దున్న పాలు మళ్లీ విరిగాయి. ఫ్రీజర్‌లో చేపలు మాత్రం రాయిలా ఉన్నాయి!

బరంపురం ఉక్కపోత తెలిసిందే కదా. పిల్లలు సెలవుల్లో గంటకు పదిసార్లు ఫ్రిజ్ తలుపు తీస్తున్నారని నేనే రెండు నాబ్‌లూ చివరిదాకా తిప్పేశాను. అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది కదా, ఇంకేం కావాలి అనుకున్నా.

రాత్రి గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో పెట్టాను. పొద్దున చూస్తే 9 డిగ్రీలు. 4 దగ్గర ఉండాలి.

మెకానిక్ నవ్వాడు. "అమ్మా, మీ ఫ్రిజ్‌లో పైన నాబ్ చల్లదనం పెంచదు, గాలిని పంచుతుంది. దాన్ని చివరికి తిప్పితే చల్లగాలి అంతా ఫ్రీజర్‌లోనే ఉండిపోతుంది. కిందికి దిగేది కొంచెమే." డబుల్ డోర్ ఫ్రిజ్‌లు చాలావాటికి ఇలాగే ఉంటుందట. ఇన్నాళ్లూ నేను చల్లదనం పెంచుతున్నానని మురిసిపోతూ పాలకు గాలి అందకుండా చేస్తున్నానన్నమాట.

ఫ్రీజర్ నాబ్ మధ్యకి, కింది డయల్ 7 నుంచి 5కి తెచ్చాడు. ఒక రోజు ముట్టుకోవద్దన్నాడు, వెంటనే ఫలితం కనిపించదట.

అత్తయ్య పిల్లల నీళ్లు కుండలోకి మార్చేశారు. తలుపు తీసినప్పుడల్లా లోపలికి పోయే తేమగాలి అలా కాస్త తగ్గింది.

ఇవాళ సాయంత్రం గ్లాసులో 5 చూపించింది. రేపు కూడా అంతే ఉంటే డయల్ ఇంకొక్క గీత తిప్పుతా. పాలు మాత్రం ఇక తలుపు అరలో పెట్టను, అక్కడే ఎక్కువ వెచ్చగా ఉంటుంది.