వ్యాయామ సైకిల్ వివరాలు తిరగరాసిన నా అనుభవం

ఆన్‌లైన్‌లో వ్యాయామ పరికరాలు అమ్మే చోట వాటి వివరాలు రాయడం నా పని. ఒక ఎక్సర్‌సైజ్ సైకిల్ మాత్రం కొన్నవాళ్ల దగ్గర నుంచి పదేపదే వెనక్కి వచ్చేది. సైకిల్‌లో లోపమేమీ లేదు. వాళ్లు రాసిన కారణాలన్నీ కూర్చుని చదివాను. "కాలు అందట్లేదు", "మోకాలు నొప్పి", "పెడల్ ఊడిపోయింది", ఎక్కువగా ఇవే. పేజీలో మాత్రం "అన్ని ఎత్తులవారికీ అనుకూలం, సులభంగా బిగించుకోవచ్చు" అని ఉంది. ఆ రెండు మాటలు నమ్మే వాళ్లు కొన్నారు.

ముందు ఎత్తు సంగతి పట్టుకున్నాను. సైకిల్‌కి మనిషి మొత్తం ఎత్తు కంటే కాలి లోపలి పొడవు ముఖ్యం. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు దాని ఇరుసు నుంచి సీటు పైభాగం వరకు ఉండే దూరం, కాలి లోపలి పొడవుకి దాదాపు 1.09 రెట్లు ఉండాలని సైకిల్ తొక్కేవాళ్లలో ఒక పాత లెక్క ఉంది. గోడౌన్‌లో టేపు పెట్టి కొలిస్తే సీటు అన్నిటికన్నా కింద ఉన్నప్పుడు 76 సెంటీమీటర్లు వచ్చింది. పైకి కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సీటు కింది గొట్టం మీద ఒక గీత ఉంటుంది, అది దాటి పైకి లాగకూడదు. లాగితే గొట్టం లోపల పట్టు చాలక ఊగుతుంది, వంగే ప్రమాదం కూడా ఉంది. ఆ గీత దగ్గర ఆపి కొలిస్తే 94 వచ్చింది.

రెండిటినీ 1.09తో భాగిస్తే సుమారు 70, 86. అంటే కాలి లోపలి పొడవు ఆ మధ్యలో ఉన్నవాళ్లకే ఈ సైకిల్ సరిపోతుంది. కాలి పొడవు ఎత్తులో 46 శాతం దాకా ఉంటుందనుకుంటే ఎత్తు 152 నుంచి 187 సెంటీమీటర్లు అవుతుంది. కానీ అందరి కాళ్లూ ఒకే పాళ్లలో ఉండవు. 155 ఎత్తున్న మనిషికి కాళ్లు కాస్త పొట్టిగా, 44 శాతమే ఉంటే 68 దగ్గరే ఆగిపోతుంది. పెడల్ కిందికి వెళ్లిన ప్రతిసారీ నడుము పక్కకి ఒరుగుతుంది. సీటు ఎక్కువ ఎత్తులో ఉందనడానికి అదే గుర్తు. అందుకే ముందు కాలి కొలత రాసి, ఎత్తును 155 నుంచి 183 అని కొంచెం బిగించి రాశాను. కొలుచుకునే పద్ధతి కూడా చేర్చాను: చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకం పైకి ఆనేలా పెట్టుకుని, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవాలి.

బరువు విషయంలో పేజీలో కేజీల్లో మూడు అంకెలు పక్కపక్కనే ఉన్నాయి: తిరిగే చక్రం 8, సైకిల్ మొత్తం 34, మోయగల బరువు 150. ఏది దేనిదో కొనేవాళ్లకి ఎలా తెలుస్తుంది? పైగా సైకిల్‌తో వచ్చే పుస్తకంలో 120 అనే ఉంది. సప్లయర్‌ని అడిగితే 150 అన్నది కదలకుండా ఉన్న బరువుకి అన్నారు. తొక్కేటప్పుడు, ముఖ్యంగా లేచి నిలబడి తొక్కేటప్పుడు, పెడల్ మీద ఒత్తిడి ఒక్కసారిగా పడుతుంది. కాబట్టి "వాడే మనిషి బరువు 120 కేజీల లోపు" అని మాత్రమే ఉంచాను. 118 కేజీల మనిషి 150 చూసి నిశ్చింతగా నిలబడి తొక్కడం నాకు ఇష్టం లేదు.

బిగింపు దగ్గర, ఇలాంటివి ఎప్పుడూ బిగించని సహోద్యోగిని పిలిచి, పెట్టెలో వచ్చిన పానాలతోనే చేయమన్నాను. పేజీలో 30 నిమిషాలని ఉంది. ఆయనకి గంటం పావు పట్టింది. అందులో ఎక్కువ సమయం ఎడమ పెడల్ దగ్గరే పోయింది. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పితేనే బిగుస్తుంది. మామూలు దిశలో బలంగా తిప్పితే మర అరిగిపోయి, తర్వాత ఎంత బిగించినా పెడల్ వదులవుతుంది. ఊడిపోయిన పెడళ్ల ఫిర్యాదులు చాలావరకు ఎడమవైపువే. పెడల్ చివర L, R అని అక్షరాలు ఉంటాయి కానీ చూడమని ఎవరూ చెప్పలేదు. ఆ ఫొటో దగ్గరగా తీసి పెట్టాను. "మొదటిసారి అయితే 75 నిమిషాలు, పెట్టె బరువు 38 కేజీలు, మెట్లెక్కించాలంటే ఇద్దరు కావాలి, పెడళ్లు ముందు చేత్తో నాలుగు చుట్లు తిప్పి, తర్వాతే పానా పెట్టండి" అని రాశాను.

వెనక్కి రావడం పూర్తిగా ఆగిపోలేదు. చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకి హ్యాండిల్ అందడం ఇప్పటికీ ఇబ్బందే. ఈ సైకిల్ సీటు ముందుకీ వెనక్కీ జరగదు, ఆ మాటా పేజీలో చేర్చాను. కొత్త సరుకు దిగిన ప్రతిసారీ ఒక పెట్టె విప్పించి సీటు గొట్టం మళ్లీ కొలుస్తున్నాను, ఎందుకంటే మోడల్ పేరు మారకుండానే గొట్టం పొడవు మారిపోతుంటుంది.